బెంగళూరు జనం పదేళ్లలో రెట్టింపయ్యారా?

మన గ్రూపుల్లో ఈ మధ్య ఒక లెక్క తిరుగుతోంది. బెంగళూరు నగర జనాభా 2001లో 43 లక్షలు, 2011లో 84 లక్షలు, అంటే పదేళ్లలో దాదాపు రెట్టింపు అని. దాని కిందనే ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు, బయటి రాష్ట్రాలవాళ్లు వచ్చి పడ్డారు కాబట్టే ఇంత పెరిగిందని. ఆ బయటివాళ్లలో మొదట లెక్కకు వచ్చేది మనమే. అందుకే ఈ అంకెల సంగతి కాస్త నిదానంగా చూద్దాం అనుకున్నాం.

రెండు అంకెలూ సెన్సస్ ఇచ్చినవే. అబద్ధం లేదు. కాని రెండింటి మధ్య ఊరు మారిపోయింది. 2007లో పాత మహానగర పాలికెకు చుట్టూ ఉన్న ఏడు నగరసభలను, కెంగేరి పురసభను, 110 పల్లెలను కలిపి బిబిఎంపి చేశారు. యలహంక, కృష్ణరాజపురం, మహదేవపుర, బొమ్మనహళ్లి, దాసరహళ్లి అన్నీ అలా వచ్చి చేరినవే. విస్తీర్ణం సుమారు 226 చదరపు కిలోమీటర్ల నుంచి 700 దాటింది. యలహంకలో పుట్టి పెరిగినవాడు ఆ రోజు ఇల్లు కదల్లేదు, మూట కట్టలేదు. అయినా లెక్కలో బెంగళూరుకు "వచ్చాడు".

అలా కాగితం మీద వచ్చినవాళ్లు ఎంతమంది? దీనికి ఒక దారి ఉంది. నగరాన్నీ దానికి అంటుకుని పెరిగిన పట్టణాలనూ కలిపి సెన్సస్‌వాళ్లు ఇంకో లెక్క వేస్తారు, అర్బన్ అగ్లొమరేషన్ అని. 2001లో అది 57 లక్షలు. అంటే నగరం గీత బయట, దాన్ని ఆనుకుని అప్పటికే సుమారు 14 లక్షల మంది కాపురాలున్నాయి. 41 లక్షల పెరుగుదలలో ఇంచుమించు మూడో వంతు ఇదే. పల్లెలవాళ్లు ఇంకా వేరు.

ఇంతకంటే గట్టి పరీక్ష జిల్లా లెక్క. బెంగళూరు అర్బన్ జిల్లా ఎల్లలు ఆ పదేళ్లలో అలాగే ఉన్నాయి. అక్కడ 65.37 లక్షలు 96.21 లక్షలయ్యాయి, అంటే 47 శాతం. అదేమీ చిన్న పెరుగుదల కాదు, వలస నిజంగానే ఉంది. కాని 96 శాతానికీ 47 శాతానికీ చాలా తేడా ఉంది కదా.

జనసాంద్రత చూస్తే ఇంకో తమాషా. పాత హద్దుల్లో చదరపు కిలోమీటరుకు 19 వేల మంది ఉండేవారు. కొత్త హద్దుల్లో అది సుమారు 12 వేలకు దిగింది. జనం రెట్టింపు, ఇరుకు మాత్రం తగ్గింది! చిక్‌పేటలో నడిచినవాళ్లెవరూ నమ్మరు.

మన చెన్నై మిత్రులది దీనికి తలకిందులు. సెన్సస్‌కు ముందు ఒక తేదీ నాటికి ఊళ్ల ఎల్లలను బిగించేస్తారు. 2011 లెక్కకు ఆ తేదీ 2009 డిసెంబరు 31. బెంగళూరు విలీనం దానికి ముందే అయింది. చెన్నై కార్పొరేషన్ 42 స్థానిక సంస్థలను కలుపుకున్నది 2011 అక్టోబరులో. అందుకే పట్టికలో బెంగళూరు 84 లక్షలతో మూడో స్థానం, చెన్నై 46 లక్షలతో ఆరో స్థానం. అంటుకున్న పట్టణాలతో కలిపి చూస్తే చెన్నై 86 లక్షలు దాటి, 85 లక్షల బెంగళూరు కంటే ఒక అడుగు ముందే ఉంది.

ఇక మన సంగతి. కృష్ణరాజపురం, మహదేవపుర వైపు పల్లెల్లో తెలుగు ఇళ్లు తరాలుగా ఉన్నవే. ఆ పల్లెలు నగరంలో కలిస్తే నగరంలో తెలుగువారి సంఖ్య పెరుగుతుంది. దాన్ని వలస అనడం అన్యాయం. వినతిపత్రాలు రాసే సభ్యులకు ఒక మాట: భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో 15 శాతం నియమం చూసేది జిల్లాలో, తాలూకాలో. కాబట్టి అక్కడి మాతృభాష పట్టికే తీసుకోండి, కార్పొరేషన్ మొత్తాన్ని కాదు. తాలూకా ఎల్లలు కూడా మారుతుంటాయి, మధ్యలో కొత్త తాలూకా పుట్టిందేమో చూసుకోండి.

రాబోయే లెక్కలో కొత్త చిక్కు ఉంది. 2025 సెప్టెంబరులో బిబిఎంపి పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటిలో ఒకదాని అంకె తెచ్చి పాత 84 లక్షల పక్కన పెట్టి, బెంగళూరు ఖాళీ అయిపోయిందని ఎవరో ఒకరు రాయక మానరు. అప్పుడు ఐదూ కూడి చూపించండి.