చిటికెడు ఇంగువలో దాగిన గోధుమ

సీలియాక్ వ్యాధి ఉన్నవారు గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తును జీవితాంతం మానవలసి ఉంటుంది. కర్నూలు, కడప జిల్లాలలో ఈ పథ్యం అంత కఠినం కాదనిపిస్తుంది. జొన్న రొట్టె, రాగి సంగటి, కొర్ర బియ్యం, వరి అన్నం, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. చపాతీ, మైదా మానితే చాలుననుకుంటారు. అయితే అదే ఇంటి తిరగమోతలో గోధుమ చేరుతూ ఉండవచ్చు.

అసలైన ఇంగువ ఒక మొక్క వేరు నుండి కారే జిగురు. ముఖ్యంగా ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల నుండి మనకు వస్తుంది. దానిలో గ్లూటెన్ ఉండదు. కానీ అది మితిమీరిన ఘాటు గలది, జిగటగా ఉంటుంది. అందువలన తుమ్మజిగురు, మైదా లేదా బియ్యపు పిండి కలిపి అమ్ముతారు. ఇది కల్తీ కాదు, చట్టం అనుమతించినదే. ముద్ద ఇంగువ సైతం చాలావరకు ఇటువంటిదే కనుక, ముద్దగా ఉన్నంత మాత్రాన స్వచ్ఛమైనదని భావించరాదు.

ఇంత కొద్దిపాటి పిండితో హాని ఏమిటని అడుగుతారు. లెక్క చూద్దాం. పొడిలో సగం మైదా అనుకుందాం. మైదాలో సుమారు పదోవంతు గ్లూటెన్. అంటే గ్రాము పొడిలో 50 మిల్లీగ్రాములు. పావు గ్రాము వేసిన పప్పును నలుగురు తింటే, ఒక్కొక్కరికి 3 మిల్లీగ్రాములు. అదే రోజు చారులోను, చిత్రాన్నంలోను వేస్తే మొత్తం 9 దాటుతుంది. సీలియాక్ రోగులలో అధికులు రోజుకు 10 మిల్లీగ్రాముల వరకు తట్టుకోగలరని వైద్యుల అంచనా. ఊరగాయ తోడైతే ఆ హద్దు దాటినట్లే. నూనెలో వేగినా గ్లూటెన్ నశించదు.

ఇంట్లో అయోడిన్ చుక్క వేసి పరీక్షించడం వలన ప్రయోజనం లేదు. నీలిరంగు వస్తే పిండిపదార్థం ఉన్నదని తెలుస్తుంది గాని, అది గోధుమదో వరిదో తెలియదు. కాబట్టి పొట్లం మీది పదార్థాల జాబితాయే ఆధారం. గోధుమ ఉంటే ఆ సంగతి ముద్రించడం తప్పనిసరి. ‘గ్లూటెన్ రహితం’ అని వ్రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదు. బియ్యపు పిండితో చేసి, ఆ ముద్ర ఉన్నదానినే కొనండి. విడిగా తూచి అమ్మే ఇంగువ వద్దు. దొరకకపోతే వెల్లుల్లి, జీలకర్రతో తిరగమోత పెట్టుకోవచ్చు.

వ్యాధి లేనివారు ఇంగువను మానవలసిన పని లేదు. అనుమానం ఉన్నవారు మాత్రం ముందే గోధుమ మానివేయకండి. మానివేస్తే రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. గోధుమ తింటూ ఉండగానే టిటిజి-ఐజిఎ పరీక్ష చేయించుకుని, ఆ పిదప వైద్యుని సలహాపై పథ్యం ఆరంభించండి.