జనవరి జీతం చీటీ

జీతం పడిన మెసేజ్ రాగానే అందరూ చూసేది చేతికొచ్చిన మొత్తమే. పే స్లిప్ తెరిచి కుడి వైపు కోతల వరస చదివేవాళ్ళు తక్కువ. ఏడాదిలో ఒక్క నెల స్లిప్ మాత్రమే చదివే ఓపిక ఉంటే ఆ నెల జనవరి కావాలని నేనంటాను. జీతాల సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి కనుక గట్టిగానే చెబుతాను.

ఎందుకు జనవరి? ఏప్రిల్లో మనం సంస్థకిచ్చేది మాట మాత్రమే: ఇంత అద్దె కడతాను, ఇంత పీఎఫ్, ఎల్ఐసీ ఉన్నాయి అని. ఆ మాట మీద ఏడాది పన్ను అంచనా వేసి పన్నెండు నెలలకు పంచి కోస్తారు. డిసెంబరులోనో జనవరి మొదట్లోనో ప్రూఫులు అడుగుతారు. చూపించలేకపోయినవి, చూపించినా వాళ్ళు ఒప్పుకోనివి లెక్కలోంచి లేచిపోతాయి. అలా పెరిగిన పన్నంతా మిగిలిన మూడు నెలల నెత్తిన పడుతుంది. తప్పు జరిగితే అది బయటపడేదీ అప్పుడే.

2025 జనవరిలో మా మేనల్లుడికి ఇదే జరిగింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం. నెల జీతం 90,000. అందులో బేసిక్ 50,000, హెచ్ఆర్ఏ 20,000. మియాపూర్‌లో అద్దె ఇల్లు, నెలకు 20,000. పన్ను పాత విధానంలోనే ఉంచమని ఏప్రిల్లోనే రాసిచ్చాడు. డిసెంబరు దాకా నెలకు 4,075 రూపాయల టీడీఎస్ పోయింది. జనవరిలో ఒక్కసారిగా 16,555 పోయింది.

"మావయ్యా, వీళ్ళు నా డబ్బు తినేశారు" అంటూ ఫోన్ చేశాడు. తినలేదు. కోసిన పన్ను మరుసటి నెల 7వ తేదీలోగా ప్రభుత్వానికి కట్టాలి. కట్టి, సంస్థ టీడీఎస్ రిటర్ను వేశాక అది వాడి పాన్ మీద జమ అవుతుంది, 26ఏఎస్‌లో కనబడుతుంది. డబ్బు పోలేదు, ఇరుక్కుంది. సరిచేయమని సంస్థకు ఉత్తరం రాసేవాడికి ఈ తేడా ముందు తెలియాలి. దొంగతనం ఆరోపించే ఉత్తరానికి ఒక రకం జవాబు వస్తుంది, లెక్క సరిచేయమనే ఉత్తరానికి ఇంకో రకం జవాబు వస్తుంది.

స్లిప్‌లో టీడీఎస్ ఒక్క అంకెగానే ఉంటుంది, కారణం చెప్పదు. కారణం దాని వెనకాల టాక్స్ షీటులో ఉంటుంది. చాలా సంస్థల పోర్టల్లో అది పే స్లిప్ పక్కనే దొరుకుతుంది, లేకపోతే అడిగి తెప్పించుకోవాలి. డిసెంబరు షీటు, జనవరి షీటు పక్కపక్కన పెట్టి పైనుంచి కిందికి చదువుతూ రమ్మన్నాను. అన్ని వరసలూ ఒకటే, ఒక్కటి తప్ప. హెచ్ఆర్ఏ మినహాయింపు డిసెంబరులో 1,80,000 ఉంది, జనవరిలో సున్నా.

ఆ 1,80,000 ఎలా వచ్చిందో కూడా వాడు తెలుసుకోవాలనిపించింది. ఏడాదికి వచ్చిన హెచ్ఆర్ఏ 2,40,000. బేసిక్‌లో నలభై శాతం కూడా 2,40,000. కట్టిన అద్దె 2,40,000లోంచి బేసిక్‌లో పదో వంతు 60,000 తీసేస్తే 1,80,000. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే మినహాయింపు. అది పోయిందంటే 1,80,000 మీద పన్ను పడిందన్నమాట. వాడి ఆదాయం ఇరవై శాతం శ్లాబులో ఉంది, దాని మీద నాలుగు శాతం సెస్సు, కలిపితే 37,440. మూడు నెలలకు పంచితే నెలకు 12,480. డిసెంబరు 4,075కి అది కలిపి చూడండి, సరిగ్గా 16,555. లెక్క ఇలా రూపాయితో సహా కుదిరితే కారణం ఇదేనని ఇక అనుమానం అక్కర్లేదు. కుదరకపోతే ఇంకో తప్పు ఎక్కడో దాగి ఉందని అర్థం, దాన్ని పట్టుకునేదాకా ఉత్తరం రాయకూడదు.

మరి మినహాయింపు ఎందుకు ఎగిరిపోయింది? హైదరాబాద్‌లో ఇంటి అగ్రిమెంట్లు పదకొండు నెలలకు రాసుకోవడం అందరికీ తెలిసిందే. వాడి పాత అగ్రిమెంటు 2024 జనవరి నుంచి నవంబరు దాకా, కొత్తది డిసెంబరు నుంచి. రెండూ అప్‌లోడ్ చేశాడు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఇవ్వాలి, అదీ ఇచ్చాడు. ప్రూఫులు పరిశీలించే బయటి ఏజెన్సీలో ఎవరో మొదటి ఫైలు తెరిచి, గడువు నవంబరుతో అయిపోయిందని చూసి, రెండోది తెరవకుండానే మొత్తం రిజెక్ట్ చేశారు. నాకు కోపం తెప్పించింది రెండో ఫైలు చూడకపోవడం కాదు, వేల ప్రూఫులు చూసేవాళ్ళకు అది జరుగుతుంది. రెండో అగ్రిమెంటు నిజంగానే లేదనుకున్నా ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలల అద్దె మొదటి కాగితంలోనే ఉంది కదా! అదీ కొట్టేశారు. నాలుగు నెలలకు కాగితం లేదని ఏడాది మొత్తానికి సున్నా వేయడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

మేనల్లుడు హెచ్ఆర్ వాళ్ళకు ఫోన్లు చేశాడు, చాట్లో అడిగాడు. హెచ్ఆర్ పేరోల్‌ను అడగమంది, పేరోల్ ఏజెన్సీ మీద పెట్టింది. ఈ తిరుగుడులోనే ఫిబ్రవరి 7 దాటిపోయింది. జనవరి పన్ను ఖజానాకు చేరకముందైతే లెక్క సవరించడం సంస్థకు తేలిక. ఫోన్ మాటకు ఆఫీసులో ఆనవాలు ఉండదు. స్లిప్ చూసిన రోజే మెయిల్ పెట్టాలనేది అందుకే.

వాడు రాసిన మొదటి మెయిల్ పంపనివ్వలేదు. ఒకటిన్నర పేజీ ఉంది. ఈఎంఐ గురించి, చెల్లెలి ఫీజు గురించి, సంస్థ బాధ్యతారాహిత్యం గురించి రాశాడు. అవన్నీ నిజమే, కానీ పేరోల్‌లో కూర్చున్న మనిషి వాటితో ఏం చేయగలడు? అతనికి కావాల్సింది ఎంప్లాయీ నంబరు, ఏ నెల, ఏ వరస తప్పు, ఏది ఒప్పు, దానికి కాగితం ఎక్కడ, ఇప్పుడు తానేం చేయాలి. ఇద్దరం కూర్చుని తిరగరాశాం. వాడు ఇంగ్లీషులో పంపాడు, సారం ఇది:

"విషయం: 2025 జనవరి జీతంలో టీడీఎస్ అదనపు కోత, ఫిబ్రవరి జీతంలో సవరణకు వినతి.

డిసెంబరు వరకు నెలకు రూ.4,075 ఉన్న టీడీఎస్ జనవరిలో రూ.16,555 అయింది. జనవరి టాక్స్ షీటులో హెచ్ఆర్ఏ మినహాయింపు రూ.1,80,000 బదులు సున్నా ఉండటమే కారణం. నా అగ్రిమెంటు గడువు ముగిసిందన్న రిమార్కుతో క్లెయిము తిరస్కరించారు. 2024 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న రెండో అగ్రిమెంటు పోర్టల్లో రెండో ఫైలుగా ఉంది. దాని కాపీ, అద్దె రసీదులు, ఓనరు పాన్, అద్దె చెల్లించిన బ్యాంకు స్టేట్‌మెంటు జత చేస్తున్నాను.

మినహాయింపు పునరుద్ధరిస్తే నా ఏడాది పన్ను రూ.48,900. జనవరి వరకు ఇప్పటికే కోసినది రూ.53,230. కాబట్టి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 192(3) ప్రకారం ఫిబ్రవరి, మార్చి నెలల్లో టీడీఎస్ కోయకుండా సర్దుబాటు చేయగలరు. ఫిబ్రవరి పేరోల్ ముగిసేలోపు సవరించిన టాక్స్ షీటు పంపమని కోరుతున్నాను. తిరస్కరణ సరైనదే అని భావిస్తే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో బలం సెక్షన్ నంబరులో లేదు, "ఇప్పటికే కోసినది" అన్న వాక్యంలో ఉంది. జనవరి కోతతోనే ఏడాదికి పట్టాల్సిన పన్ను దాటిపోయిందని ఆ రెండు అంకెలు పక్కపక్కనే చెబుతున్నాయి. వాటిని చదివినవాడికి మళ్ళీ లెక్క వేయాల్సిన పని కూడా పెద్దగా ఉండదు, సరిచూసుకుంటే చాలు. సెక్షన్ ఎందుకు రాయించానంటే, కోసిన పన్నును ఇక ముట్టుకోలేమని చెప్పే పేరోల్ వాళ్ళను చాలామందిని చూశాను. ఎక్కువ కోసినా తక్కువ కోసినా అదే ఆర్థిక సంవత్సరంలో తర్వాతి కోతల్లో సర్దే వెసులుబాటు చట్టమే యజమానికిచ్చింది. డబ్బు వెనక్కిమ్మని అడిగితే వాళ్ళు చేయలేరు, ముందు కోతలు ఆపమని అడిగితే చేయగలరు. ఉత్తరంలో అడగాల్సింది ఎదుటివాడి చేతిలో ఉన్నదే.

చివరి వాక్యం కూడా కావాలనే పెట్టించాను. సరిచేస్తారు, లేదా ఎందుకు చేయరో రాస్తారు. రెండిట్లో ఏదైనా మనకు పనికొస్తుంది. సంస్థ ఒప్పుకోకపోయినా పాత విధానంలో గడువులోగా రిటర్ను వేసేటప్పుడు హెచ్ఆర్ఏ మినహాయింపు స్వయంగా అడగవచ్చు. కాకపోతే అప్పుడు ఫారం 16లో ఒక అంకె, రిటర్నులో ఇంకో అంకె ఉంటుంది. శాఖ నుంచి ప్రశ్న వస్తే ఈ మెయిలూ ఆ కాగితాలూ చూపించుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి స్లిప్పుల్లో టీడీఎస్ సున్నా వచ్చింది. అదనంగా పోయిన 4,330 మాత్రం సంస్థ దగ్గర సర్దడానికి నెలలు మిగల్లేదు, రిటర్ను వేశాక రిఫండుగా వచ్చింది. దాని మీద వడ్డీ రాలేదు. మొత్తం పన్నులో పదో వంతుకు తక్కువైన రిఫండుకు వడ్డీ ఇవ్వరు. మెయిల్ పెట్టకపోయుంటే 37,440 మొత్తం రిఫండు వచ్చేదాకా ఇరుక్కుపోయేది.

ఒక సంగతి మరవకూడదు. ఈ అంకెలు, ఫారం నంబర్లు 2024-25 నాటివి. 2025-26లో కొత్త విధానంలో ఇదే జీతానికి పన్నే లేదు, ఎందుకంటే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా మిగిలే 10,05,000 రిబేటు హద్దు 12 లక్షల లోపే. కనుక ఇప్పుడు ఇలాంటి జీతం వాళ్ళు ముందు చూడాల్సింది షీటు పైన ఏ విధానం పేరుందో. పాత విధానంలో పడేసి కోస్తుంటే ఉత్తరం దాని గురించే రాయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. పాత ఉత్తరాన్ని నకలు తీసి పంపేవాళ్ళు నంబరు సరిచూసుకోవాలి, తెలియకపోతే నంబరే వదిలేసి లెక్క మాత్రం పూర్తిగా రాయాలి.

మార్చి జీతం పడ్డాక రాస్తే సర్దడానికి సంస్థకు నెలలు మిగలవు, రిటర్నే దిక్కు. జనవరి స్లిప్ వచ్చిన రోజే డిసెంబరు టాక్స్ షీటు పక్కన పెట్టి చదవండి, తేడా కనిపిస్తే ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి.