రెండు ఆఫర్లు

మా మేనకోడలు మూడో సంవత్సరం ఇంజనీరింగ్. వేసవి ఇంటర్న్‌షిప్‌కి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి బెంగళూరులో అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ, నెలకు 50 వేలు. రెండోది మన మాదాపూర్‌లో చిన్న స్టార్టప్, 25 వేలు. "సగానికి సగం తేడా మామయ్యా, ఇంక ఆలోచించేదేముంది?" అంది.

ముందు ఆ సగం లెక్కే తేల్చాం. బెళ్లందూరు పక్కన పీజీలో విడి గదికి 18 వేలు అడుగుతున్నారు. బయట తిండికీ, ఆటోలకూ, మధ్యలో ఇంటికొచ్చి వెళ్లే బస్సుకీ ఇంకో 9 వేలు పోతే మిగిలేది 23 వేలు. ఇక్కడైతే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దుర్గం చెరువు దగ్గర దిగొచ్చు. దారి ఖర్చు 3 వేలు వేసుకున్నా మిగిలేది 22. ఇంతోటి వెయ్యికి ఊరు మారక్కర్లేదు, ఊళ్లోనే ఉండిపోనూ అక్కర్లేదు.

స్టార్టప్ వాళ్లు "రికమెండేషన్ సిస్టమ్ మొత్తం నువ్వే కడతావు" అన్నారట. పిల్ల కళ్లు మెరిశాయి. నేను ఆఫీసులో ఏటా ఇంటర్న్‌ల కోడ్ చూసేవాణ్ని. ఆ "మొత్తం" అన్న మాట దగ్గరే నాకు అనుమానం. ఇంటర్న్‌షిప్ 8 వారాలు. మొదటి వారం ల్యాప్‌టాప్, పర్మిషన్లు. రెండో వారం పాత కోడ్ చదవడం. చివరి వారం డెమో. చేతిలో మిగిలేవి 5 వారాలు. అందులో ఒంటరిగా సిస్టమ్ మొత్తం కడితే అది డెమో దాటి బయటికి రాదు.

ఇద్దరికీ ఒకటే మెయిల్ రాయించాను: నా కోడ్‌ని రివ్యూ చేసేది ఎవరు, ఆయన కింద ఎంతమంది ఇంటర్న్‌లు, పోయినేడు చేసినవాళ్ల పని ఇప్పుడు వాడుకలో ఉందా? స్టార్టప్ నుంచి "సీటీఓ స్వయంగా చూస్తారు" అని జవాబు. వినడానికి బాగుంది. కానీ అక్కడ పోయినేడు చేసిన సీనియర్‌ని అడిగితే, ఆ సీటీఓ పెట్టుబడుల మీటింగుల్లో తిరుగుతుంటే తన కోడ్ వారాల తరబడి రివ్యూ లేకుండా పడుందన్నాడు. చిన్న చోట గురువు దగ్గరుంటాడనుకుంటాం గానీ, తీరిక ఉండాలిగా!

పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ మొదట "టీమ్ ఏదో చేరాక చెప్తాం" అంది. పట్టు వదలకుండా మళ్లీ అడిగితే చెప్పింది: బిల్లింగ్ టీమ్, ఒక మెంటార్‌కి ఇద్దరు ఇంటర్న్‌లు, పని ఇన్‌వాయిస్‌లలో తేడాలు పట్టే చిన్న టూల్. పోయినేటి టూల్‌ని టీమ్ ఇప్పటికీ వాడుతోంది. వినడానికి చప్పటి పనే. అయినా 5 వారాల్లో తెములుతుంది, ఎవరో ఒకరు రోజూ వాడతారు.

ఇక కంపెనీ పేరంటారా, అది రెజ్యూమెని పక్కన పడేయకుండా ఆపుతుంది. ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నాక "నువ్వేం చేశావు?" అనే అడుగుతారు. పేరు లేకపోయినా ఆ బిల్లింగ్ టీమ్‌కే నా ఓటు. అదే టీమ్ సంగతి చెప్పకుండా దాటేసి ఉంటే మాదాపూరే వెళ్లమనేవాణ్ని, ముందు ఆ సీటీఓ చేత వారానికి 2 రివ్యూలు ఒప్పించుకుని.

బెంగళూరుకి సరేనంది. స్టార్టప్‌కి ఆ సాయంత్రమే రానని మెయిల్ పెట్టించాను. వాళ్ల వెయిటింగ్ లిస్టులో తన క్లాస్‌మేటే ఉంది.