గరుకు అక్షరాల వెనక వేపకొమ్మ

పోచారంలో ఓ ఆఫీసు గాజు తలుపు ఫొటో. దానిమీది గరుకు అక్షరాల పాత పేరు తీసి కొత్తది పెట్టాలి. తెల్లరంగుతో రాసి ఒపాసిటీ తగ్గించా. అచ్చం స్టిక్కరే! వెనకున్న వేపకొమ్మ అక్షరాల్లోంచి ఆకు ఆకుగా కనిపిస్తోంది మరి. గరుకు గాజు వెలుతుర్ని చెదరగొడుతుంది కదా, కొమ్మ పచ్చటి మరకలా మిగలాలి.

ముందు పాత అక్షరాలు చెరపాలి. వాటి వెనక అసలేముందో ఆ ఫొటోకే తెలీదు. మళ్ళీ వెళ్ళి, కాస్త పక్కకి జరిగి తీసిన ఇంకో ఫొటోలోంచి ఆ ముక్కలు తెచ్చి అతికించా. అప్పుడు ఆ లేయర్‌కి కాపీ తీసి, గాషియన్ బ్లర్ ఇచ్చి, కొత్త అక్షరాల ఆకారంలో మాస్క్ చేశా. పైన పల్చగా తెలుపు, చిటికెడు గ్రెయిన్. అక్షరాల అంచులు మాత్రం పదునుగానే.

ఇంకా ఏదో తేడా! గాజుకి ఆనుకున్న కుర్చీ కూడా చెట్టంత మసకబారింది. దానికి బ్లర్ తగ్గించాక కుదిరింది.