బాగా ఈదితే నంబర్ ఎందుకు తగ్గింది?

ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి. ముఖ్యంగా ఊళ్లో ఏట్లో ఈత నేర్చుకుని, ఇప్పుడు హాస్టల్లో ఉంటూ పూల్‌లో ప్రాక్టీస్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్నాం.

మేము నలుగురం. కూనవరం, చింతూరు వైపు వాళ్లం. శబరి ఒడ్డున పుట్టినోళ్లకి ఈత ఎవరూ నేర్పరు, దానంతట అదే వచ్చేస్తుంది. కానీ ఏట్లో స్పీడ్ అనే మాటకి అర్థం లేదు. నీళ్లు ఎటు తోస్తే అటు కొంచెం పోనిచ్చి, అవతలి ఒడ్డు ఎక్కడ దొరికితే అక్కడ ఎక్కడమే. వంద మీటర్లకి ఎన్ని నిమిషాలు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. కాలేజీకి వచ్చాక మాలో చిన్నోడు 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌కి పేరిస్తానన్నాడు. అప్పుడు మొదలైంది ఈ గడియారం గోల.

దూరం ఈదేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది క్రిటికల్ స్విమ్ స్పీడ్ అని ఎవరో చెప్పారు. అంటే మరీ ఆయాసపడిపోకుండా, అలాగని తేలిగ్గానూ లేకుండా, చాలాసేపు నిలబెట్టుకోగలిగే వేగానికి పైహద్దు. అది దాటితే కాసేపట్లోనే చేతులు బరువెక్కి ఆగిపోతాం. ఆ హద్దు దగ్గరే, మధ్యలో కొద్దికొద్ది రెస్ట్ తీసుకుంటూ ఈదే సెట్లను థ్రెషోల్డ్ సెట్లు అంటారు. పరీక్ష చూడ్డానికి చాలా సింపుల్. 400 మీటర్లు గట్టిగా ఈది టైం రాసుకోవాలి. రెస్ట్ తీసుకుని 200 మీటర్లు గట్టిగా ఈది టైం రాసుకోవాలి. పెద్ద టైంలోంచి చిన్న టైం తీసేసి రెండుతో భాగిస్తే, వంద మీటర్లకి మన పేస్ వచ్చేస్తుంది. రెండుసార్లూ గోడని తన్ని బయల్దేరాలి, డైవ్ చెయ్యకూడదు.

మా పూల్ 25 మీటర్లది. 400 అంటే 16 లెంగ్త్‌లు. ఆయాసంలో లెక్క తప్పుతామని గట్టు మీద ఎనిమిది చింతపిక్కలు పెట్టాం. రెండు లెంగ్త్‌లకి ఒక పిక్క పక్కకి జరపాలి. గట్టు మీద కూర్చున్నవాళ్ల పని అదే. (ముందు రోజు ఈ ఏర్పాటు లేక ఒకడు 350కే ఆగి, భలే టైం వచ్చిందని గెంతాడు.)

చిన్నోడికి 400 మీటర్లు సరిగ్గా 8 నిమిషాలు పట్టింది, అంటే 480 సెకన్లు. మా బ్యాచ్ టైం అయిపోతోందని రెండు నిమిషాలకే 200కి దింపేశాం. అది 3 నిమిషాల 56 సెకన్లు, అంటే 236. తేడా 244. సగం చేస్తే 122. వందకి 2 నిమిషాల 2 సెకన్లు. నలుగురిలో వాడిదే మంచి నంబర్. వాడి ఆనందం చెప్పక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత ఆ పేస్‌తోనే మొదటి థ్రెషోల్డ్ సెట్ పెట్టాం. పది వందలు, ఒక్కోటి 2:02లో. ప్రతి 2:20కి మళ్లీ బయల్దేరాలి. ఐదు బాగానే చేశాడు. ఆరోది 2:07. ఏడోది 2:13. ఎనిమిదోది మధ్యలో ఆపేసి గోడ పట్టుకుని వేలాడాడు. పూల్ దగ్గర ఒకాయన చూసి నవ్వాడు. "ఏటి ఈతగాళ్లు అంతే బాబూ, కాసేపు కొడతారు, దమ్ముండదు" అన్నాడు. చిన్నోడు ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి మాత్రం "నా పేరు ఇవ్వొద్దన్నా, మనకి ఇది కుదరదు" అన్నాడు. నిజం చెప్పాలంటే మేమూ అదే అనుకున్నాం. నోట్‌బుక్‌లో అంకెలు అలాగే ఉన్నాయి మరి.

ఆ నోట్‌బుక్ చూసి తప్పు పట్టింది వ్యాయామ విద్య చదువుతున్న మా సీనియర్ అన్న. మొదట అడిగింది దమ్ము గురించి కాదు. "రెండు ఈతల మధ్య ఎంతసేపు కూర్చున్నార్రా?" అన్నాడు. రెండు నిమిషాలన్నాం. "మరింకేం" అని పేపర్ తీశాడు.

ఆయన చెప్పింది మా మాటల్లో చెప్తాం. ప్రతి మనిషిలో మొదట్లో వాడుకునే నిల్వ ఒకటి ఉంటుంది. ఊపిరితో సంబంధం లేకుండా వచ్చే ఆ ఊపుతో కొన్ని మీటర్లు అదనంగా పోతాం. అది 200లోనూ ఖర్చవుతుంది, 400లోనూ ఖర్చవుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే ఆ నిల్వ రెండు పక్కలా కొట్టుకుపోయి, ఊపిరి మీద నడిచే వేగం ఒక్కటే మిగులుతుంది. కండరాల పని మీద 1965లో మోనో, షెర్రర్ అనే శాస్త్రవేత్తలు పెట్టిన ఆలోచన ఇది. దాన్ని 1992లో జపాన్‌లో వాకయోషి బృందం ఈతకి వాడి చూపించింది. లెక్క నిలబడాలంటే ఒక్కటే షరతు. రెండు ఈతలకీ నిల్వ నిండుగా ఉండాలి.

మేము చిన్నోణ్ణి ఖాళీ గాదెతో 200కి దింపాం. వాడు నెమ్మదిగా ఈదాడు. తీసివేతలో చిన్న సంఖ్య పెరిగితే తేడా తగ్గుతుంది కదా, అందుకే పేస్ గొప్పగా కనిపించింది. అంటే ఈ పరీక్షలో 200 చెడగొట్టుకున్నవాడికి దొంగ మార్కులు పడతాయి. దీన్ని పట్టుకోవడానికి తేలిక గుర్తు ఒకటుంది. 400ని వాడు వందకి 2:00 చొప్పున ఈదాడు. 200ని వందకి 1:58 చొప్పున ఈదాడు. సగం దూరానికి రెండు సెకన్లే తేడానా? అక్కడే మాకు అనుమానం రావాల్సింది.

వారం తర్వాత మళ్లీ పెట్టాం. ఈసారి బ్యాచ్ మొదట్లోనే నీళ్లలో దిగి, పది నిమిషాలు నెమ్మదిగా ఈది, మధ్యలో నాలుగు లెంగ్త్‌లు కాస్త గట్టిగా కొట్టి ఒళ్లు వేడెక్కించుకున్నాడు. తర్వాత 400. మళ్లీ సరిగ్గా 8 నిమిషాలే. ఆ తర్వాత పది నిమిషాల రెస్ట్, అదీ ఊరికే కూర్చోకుండా మెల్లగా కదులుతూ. అప్పుడు 200. 3 నిమిషాల 44 సెకన్లు, అంటే 224. తేడా 256. సగం 128. వందకి 2:08.

"అదేంటన్నా, పన్నెండు సెకన్లు బాగా ఈదితే పేస్ ఆరు సెకన్లు తగ్గిందేంటి?" అని వాడు నీళ్లలోంచే అరిచాడు. తగ్గలేదు, ఇదే అసలుది. లెక్క కట్టి చూస్తే వాడి ఊపిరి వేగం సెకనుకి 0.78 మీటర్లు, నిల్వ 25 మీటర్లు. అంటే పూల్‌లో ఒక లెంగ్త్ అంత. మొదటి పరీక్ష అంకెల ప్రకారం ఆ నిల్వ ఏడు మీటర్లు కూడా రాలేదు.

మా చెల్లి తప్పు దీనికి తిరగేసినది. 400ని ఏరు దాటుతున్నట్టు మొదలుపెట్టింది. వందలు వరసగా 2:02, 2:20, 2:28, 2:30 పడ్డాయి. మొత్తం 9:20. తర్వాత 200 మీటర్లు 4:10లో చేసింది. తేడా 310 సెకన్లు, పేస్ 2:35. ఆ పేస్‌తో పది వందలు పెడితే, మధ్యలో మాతో కబుర్లు చెప్తూ అయిపోగొట్టింది. 200ని వందకి 2:05 చొప్పున ఈదిన మనిషి, 400లో మొదటి వందని 2:02లో చేసిందంటే తప్పు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంది. రెండోసారి మొదటి వంద మేము కేకలేసి మరీ ఆపితే 400 తొమ్మిది నిమిషాలకి వచ్చింది. 200 మళ్లీ అదే 4:10. పేస్ 2:25. అందుకే ప్రతి వందకీ టైం విడిగా రాసుకోండి. ఆఖరి టైం ఒక్కటే రాస్తే ఇలాంటిది దొరకదు.

ఇక చిన్నోడి సెట్. పది వందలు, ఒక్కోటి 2:08లో. ప్రతి 2:25కి బయల్దేరడం, అంటే 17 సెకన్ల రెస్ట్. 2:08ని నాలుగు లెంగ్త్‌లకి పంచితే ఒక్కోటి 32 సెకన్లు. బీప్ కొట్టే పరికరాలు అమ్ముతారు గానీ మా దగ్గర అంత డబ్బు లేదు. ఒకరు ఫోన్ చూస్తూ ప్రతి 32 సెకన్లకి చెప్పుతో గట్టు మీద కొట్టేవాళ్లం. ఆ చప్పుడుకి వాడి చెయ్యి గోడకి తగలాలి. మొదటి మూడు వందలు కష్టం ఏంటంటే, ఆగడం. చప్పుడు కంటే ముందే గోడ దగ్గరికి వచ్చేసేవాడు. ఏడో వంద నుంచి చప్పుడు వాణ్ణి తరుముతున్నట్టు ఉండేది. కానీ పదోది కూడా 2:09లో పడింది. సరైన పేస్ అంటే ఇదే. చివర్లో కష్టంగా ఉండాలి, టైం మాత్రం రెండు మూడు సెకన్లకి మించి జారకూడదు. జారితే దమ్ము లేదని కాదు, నంబర్ తప్పని. ఒంట్లో బాగోకపోయినా, నిద్ర లేకపోయినా అలా జారుతుంది. అది ఒక్క సెట్ చూసి తేల్చకండి.

ఇంకో రెండు మాటలు. రెండు చిన్న దూరాలతో కట్టిన ఈ లెక్క కొంచెం ఆశ ఎక్కువ చూపిస్తుంది. రెస్ట్ లేకుండా అదే పేస్‌లో అరగంట లాగడం చాలామందికి కుదరదు, కాబట్టి 1500కి దాన్నే రేస్ పేస్ అనుకోకండి. రెండోది మన లాంటి వాళ్లకి. ఏట్లో అలవాటుతో తల పైకెత్తి ఈదితే కాళ్లు కిందికి దిగిపోతాయి, అలసిపోయిన కొద్దీ ఇంకా దిగుతాయి. చిన్నోడికి 400లో చివరి నాలుగు లెంగ్త్‌ల్లో తల లేచేది. అది సరిచేసుకోవడానికే వాడికి సగం కాలం పట్టింది. అప్పటిదాకా మీ నంబర్లో కొంత ఊపిరిది, కొంత తలది.

వారానికి రెండు థ్రెషోల్డ్ సెట్ల చొప్పున ఆరు వారాలు చేశాక మళ్లీ పరీక్ష పెట్టాం. 400 మీటర్లు 7:44, 200 మీటర్లు 3:38. తేడా 246, పేస్ 2:03. మొదటి రోజు దొంగగా వచ్చిన నంబర్‌కి ఒక్క సెకను దూరం. ఆ సాయంత్రమే వాడు తన పేరు తనే రాసి ఇచ్చాడు. 1500 మీటర్లు 31 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేశాడు, ఐదుగురిలో నాలుగో స్థానం. మొదటి వందని ఎంతలో ఈదాడని అడిగితే మాత్రం ఇప్పటికీ నవ్వి ఊరుకుంటాడు.