పొద్దున్నే మాయమైన ఆర్డర్లు

"అత్తా, రాత్రి వచ్చిన పదకొండు ఆర్డర్లూ లేవు!"

పొద్దున్నే మేనకోడలి ఫోన్. గొంతులో ఏడుపు. పచ్చళ్లు అమ్మడానికి తనే రాసుకున్న చిన్న సైట్. ఉచిత హోస్టింగ్‌లో పెట్టింది.

లాగ్ తెరిచి చూశాం. అర్ధరాత్రి దాటాక ఎవరూ రాక సైట్ నిద్రపోయింది. ఆరింటికి ఎవరో తెరిస్తే మళ్లీ మొదలైంది. మొదటి పేజీ రావడానికి అర నిమిషం పట్టిందంటే గుర్తు అదే.

అలా మళ్లీ మొదలైనప్పుడు అక్కడి డిస్క్ కొత్తగా వస్తుంది. మనం ఎక్కించిన కోడ్ మాత్రమే ఉంటుంది. ఆర్డర్లన్నీ ఉన్న `db.sqlite3` ఫైలు ఆ పాత డిస్క్‌తోనే పోయింది. ఫొటోలూ అంతే.

పాపం, పిల్ల తప్పేం లేదు. ఇంట్లో లాప్‌టాప్‌లో అన్నీ నిలిచాయి కదా మరి!

డబ్బు కట్టే ప్లాన్‌లో సాధారణంగా సైట్ నిద్రపోదు, చాలా చోట్ల నిలిచే డిస్క్ కూడా తీసుకోవచ్చు. కానీ నాకు ఇంకో భయం. మొదటి ఏడాది ధర చూసి కట్టేస్తాం, రెన్యువల్‌కి రెండు మూడింతలు అడిగేవాళ్లున్నారు. డొమైన్ కూడా వాళ్లే ఉచితంగా ఇస్తే వదిలి రావడం ఇంకా చిక్కు. అందుకే డొమైన్ విడిగా, తన పేరు మీదే కొనిపించాను. డేటాబేస్ కాపీ రోజూ లాప్‌టాప్‌కి దించుకోమన్నాను.

ఆ పదకొండు మందిలో నలుగురు ఫోన్ చేశారు. మిగతా ఏడుగురు ఎవరో...

మీకూ ఇలా డేటా పోయిందా? ఎలా తెలిసింది?