బిఫోర్, ఆఫ్టర్ మధ్యలో ఆళ్లగడ్డ

కర్నూలు–కడప బస్సు టికెట్ల యాప్‌ని మా జూనియర్ ఒకడు రీడిజైన్ చేసి చూపించాడు. పాత స్క్రీన్ కిక్కిరిసి ఉంది, కొత్తది కళకళలాడుతోంది. కానీ పాతదాంట్లో 20 బస్సులు, కొత్తదాంట్లో మూడే! సామాన్లు తీసేస్తే ఏ ఇల్లయినా విశాలంగానే ఉంటుంది మరి.

రెండిట్లోనూ అవే 20 బస్సులు పెట్టించా. ఆళ్లగడ్డలో ఎక్కేలా టికెట్ తీయమని బాబాయికి పాతది, పిన్నికి కొత్తది ఇచ్చాం. ఒకరికే రెండూ ఇస్తే రెండోసారికి దారి తెలిసిపోతుంది కదా. బాబాయి స్టాప్ వెంటనే పట్టేశాడు. పిన్ని మాత్రం కర్నూల్లోనే ఎక్కేలా డబ్బు కట్టబోయింది. ఎక్కే చోటు చిన్న బాణం గుర్తు వెనక దాక్కుంది, అదీ సంగతి.

ఇద్దరితో తీర్పు చెప్పలేం, బాబాయికి ఫోన్ అలవాటు ఎక్కువేమో. ఇంకొంతమందితో చూడాలి. అప్పటిదాకా "బుకింగ్ సులువైంది" అన్న వాక్యాన్ని వాడే తీసేశాడు.